తూకానికి దొరకని తరుగు: ఇంట్లో నిల్వ ఉన్న వడ్లు, కందుల అసలు లెక్క

సంక్రాంతికి ముందు 75 కిలోలు తూచి మూతి కుట్టిన వడ్ల బస్తాను వినాయక చవితి తర్వాత మళ్లీ కాటా మీద పెడితే 74న్నర కిలోలు చూపించిందనుకుందాం. ఎనిమిది నెలలకు అరకిలో తరుగు. ఎవరైనా సరే గింజలు బాగానే ఉన్నాయనుకుని బస్తాను మళ్లీ గోడవారగా జరిపేస్తారు. కానీ ఆ బస్తాలోంచి నిజంగా పోయింది రెండున్నర కిలోలకు పైనే. వానాకాలపు గాలిలోంచి గోనె సంచి గుండా లోపలికి చేరిన నీళ్లు, పురుగు తిన్న గింజ బరువును పూడ్చేశాయి. అందుకే కాటాకు తేడా దొరకలేదు.

ఈ లెక్క ఎలా తేలిందో చూద్దాం. జనవరిలో ఆ వడ్లలో తేమ 12%. అంటే 75 కిలోల్లో 9 కిలోలు నీళ్లు, 66 కిలోలు అసలు గింజ. సెప్టెంబరులో తేమ కొలిస్తే 14.5% వచ్చింది. 74.5 కిలోల్లో 14.5% నీళ్లు తీసేస్తే మిగిలే అసలు గింజ 63.7 కిలోలు. 66లోంచి 63.7 పోతే 2.3 కిలోలు. ఇదంతా పూర్తిగా ఎండిన గింజ బరువు. జనవరి నాటి 12% తేమతో తిరిగి లెక్కేస్తే 2.6 కిలోలు అవుతుంది, అంటే బస్తాలో సుమారు మూడున్నర శాతం. కాటా చెప్పింది మాత్రం ఒక శాతం కూడా లేదు.

దీనికి తిరగబడిన పరిస్థితి కూడా ఉంటుంది. కోత మిషన్‌తో కోసిన వడ్లు 20 నుంచి 24% తేమతో కల్లానికి వస్తాయి. 22% తేమతో ఉన్న 100 కిలోల వడ్లను 14% వరకు ఆరబెడితే ఎన్ని కిలోలు మిగలాలి? చాలామంది 22లోంచి 14 తీసేసి, 8 కిలోలు తగ్గి 92 మిగలాలంటారు. అది తప్పు. 100 కిలోల్లో అసలు గింజ 78 కిలోలు. ఆరాక ఆ 78 కిలోలు మొత్తంలో 86% అవ్వాలి. 78ని 86తో భాగించి 100తో గుణిస్తే 90.7 కిలోలు వస్తుంది. తగ్గింది 9.3 కిలోలు, అదీ నీళ్లే. ఈ కిలోంపావు తేడా దగ్గరే ఇళ్లలో, కౌలు పంపకాల్లో లేనిపోని అనుమానాలు పుడతాయి. ఎలుకలు తిన్నాయనో, పనివాళ్లు తీశారనో మాట వస్తుంది. అసలు అక్కడ ఏమీ పోలేదు.

కాబట్టి నష్టం లెక్క కట్టాలంటే బరువుతో పాటు ఆ రోజు తేమ ఎంతో కూడా రాసుకోవాలి. ఒకటి రాసి రెండోది వదిలేస్తే ఆ అంకె ఎందుకూ పనికిరాదు.

తేమను ఇంట్లో పట్టుకోవడం

తేమ మీటరు ప్రతి ఇంట్లో ఉండదు. కొనుగోలు కేంద్రాల్లో, మార్కెట్ యార్డుల్లో, రైస్ మిల్లుల్లో ఉంటుంది. పిడికెడు గింజలను గాలి చొరని ప్లాస్టిక్ కవర్‌లో కట్టి తీసుకెళ్తే రెండు నిమిషాల పని. కవర్ కట్టకుండా జేబులో వేసుకెళ్తే దారిలోనే ఆరిపోయి తక్కువ చూపిస్తుంది.

మీటరు లేనప్పుడు ఉప్పు పరీక్ష ఉంది. బాగా ఎండిన గాజు సీసాలో మూడో వంతు వరకు గింజలు పోసి, పెనం మీద వేయించి చల్లార్చిన మెత్తటి ఉప్పు ఒకటి రెండు చెంచాలు వేసి, మూత బిగించి కొద్దిసేపు ఊపాలి. తర్వాత పది పదిహేను నిమిషాలు కదపకుండా ఉంచాలి. ఉప్పు సీసా గోడలకు అంటుకుంటే తేమ సుమారు 15% పైన ఉన్నట్టు. పొడిపొడిగా కింద రాలిపోతే అంతకంటే తక్కువ. ఈ పరీక్ష 'నిల్వ పెట్టొచ్చా, కూడదా' అనే మాట వరకే చెబుతుంది. 12కీ 13కీ తేడా దీనితో తెలియదు. అందుకని పైన చేసినట్టు కిలోల లెక్క వేయాలంటే మీటరు తప్పదు.

ప్రభుత్వ కొనుగోలు కేంద్రంలో వడ్లకు 17% వరకు తేమ ఒప్పుకుంటారు. ఆ అంకె మనసులో పడిపోయి, 17% అంటే నిల్వకు పనికొస్తుందని అనుకోవడం మామూలైపోయింది. అది కొనేటప్పటి హద్దు మాత్రమే. అక్కడి నుంచి ధాన్యం మిల్లుకు వెళ్లిపోతుంది. ఇంట్లో ఏడాది పాటు ఉంచుకునే వడ్లకు 14% దాటకూడదు. విత్తనానికైతే 13% లోపు ఉండాలి, వడ్ల విత్తన ధ్రువీకరణ ప్రమాణం కూడా అదే. కంది విత్తనానికి, వేరుశనగ విత్తనానికి ఆ హద్దు 9%.

అయితే ఒకసారి ఆరబెట్టి మూట కట్టేస్తే పని అయిపోదు. గింజ గాలితో తేమను ఇచ్చిపుచ్చుకుంటూనే ఉంటుంది. గాలిలో తేమ 70% దగ్గర ఉంటే వడ్లు 13% చుట్టుపక్కల నిలబడతాయి. ముసురు పట్టి గాలిలో తేమ వారాల తరబడి 80% దగ్గర ఉంటే అవే వడ్లు 15% దాకా పోతాయి. ఏప్రిల్ ఎండలో గలగలమన్న బస్తా ఆగస్టులో మెత్తబడేది ఇందుకే. కోస్తాలో ఈ ఇబ్బంది మరీ ఎక్కువ.

మీటరు కంటే ముందే చేతికి తెలిసే గుర్తు ఒకటుంది. బస్తా మూతి విప్పి మోచేతి దాకా చెయ్యి లోపలికి దూర్చాలి. బాగున్న బస్తాలో పైన ఎంత చల్లగా ఉందో లోపలా దాదాపు అంతే ఉంటుంది. లోపల గోరువెచ్చగా తగిలితే అక్కడ బూజో పురుగో ఊపిరి తీసుకుంటోందని అర్థం. గింజ తినేటప్పుడు అవి వేడినీ నీటినీ రెండింటినీ వదులుతాయి. ఆ నీటితో పక్కనున్న గింజ తడుస్తుంది, అక్కడికి బూజు పాకుతుంది, మరింత వేడి పుడుతుంది. చెయ్యి బయటికి తీసి వాసన చూస్తే ముక్కవాసన వస్తుంది. అప్పటికే ఆలస్యమైందని అర్థం. ఆ బస్తాను అదే రోజు పట్టా మీద పరిచేయాలి.

వడ్లకు పొట్టు కాపలా, కందులకు అదీ లేదు

పురుగు నష్టం విషయంలో వడ్లనూ పప్పు గింజలనూ ఒకే గాటన కట్టకూడదు. వడ్లకు పొట్టు గట్టి కవచం. ముక్కు పురుగు పొట్టు పగలని వడ్ల గింజలోకి తేలిగ్గా దూరలేదు. కోత మిషన్‌లో దెబ్బతిని పొట్టు చిట్లిన గింజలే దానికి దారి. అందుకే తాలు, నూక, విరిగిన గింజ తూర్పారబట్టకుండా మూట కడితే పురుగు త్వరగా నిలదొక్కుకుంటుంది. నుసి పురుగు మాత్రం పొట్టును లెక్కచేయదు. దాని పిల్ల పురుగు గింజలోకి తొలుచుకుపోయి, బస్తా అడుగున పిండిలాంటి నుసి మిగులుస్తుంది. వడ్ల చిలుక రెక్కల పురుగు కాబట్టి గింజల్లోకి లోతుగా దిగలేదు. గాదెలో పోసిన వడ్లలో దాని దెబ్బ పైన జానెడు లోతు వరకే ఉంటుంది. పైన పిడికెడు తీసి చూసి గాదె మొత్తం పోయిందని బెంగపడటం, అడుగు నుంచి తీసి చూసి అంతా బాగుందనుకోవడం, రెండూ పొరపాట్లే.

వడ్లను బాగా ఎండబెడితే ఈ పురుగుల పెరుగుదల చాలా మందగిస్తుంది. కందులు, పెసలు, మినుముల్లో వచ్చే పుచ్చు పురుగుకు ఆ సూత్రం సరిపోదు. 10% తేమలోనూ అది హాయిగా పెరుగుతుంది. పైగా అది ఇంట్లో పుట్టదు, చేనులోనే మొదలవుతుంది. ఎండుతున్న కాయ మీద గుడ్డు పెట్టేసి ఉంటుంది. కందులు కల్లంలో కొట్టి, చెరిగి, మూట కట్టేనాటికి కొన్ని గింజల లోపల పిల్ల పురుగు ఉంటుంది. పైకి ఏమీ కనపడదు.

50 కిలోల కందుల బస్తాను తీసుకుందాం. వంద కందులు సుమారు 10 గ్రాములు తూగుతాయి. అంటే బస్తాలో 5 లక్షల గింజలు. జనవరిలో మూట కట్టేటప్పుడు అందులో పది పురుగులు ఉన్నాయనుకుందాం. వేసవి వేడిలో గుడ్డు నుంచి పెద్ద పురుగు రావడానికి నెల రోజుల లోపే పడుతుంది. ఒక్కో ఆడ పురుగు డెబ్భై, ఎనభై గుడ్లు పెట్టగలదు. చచ్చేవి పోగా తరానికి పదింతలు అవుతాయని తక్కువలో తక్కువ వేసుకుందాం. ఒక్కో పురుగు ఒక గింజకు కన్నం చేసి బయటికి వస్తుందనుకుంటే ఫిబ్రవరి చివరికి వంద గింజలు, మార్చి చివరికి వెయ్యి, ఏప్రిల్ చివరికి పదివేలు, మే చివరికి లక్ష. శాతాల్లో చెప్పాలంటే మార్చిలో 0.2, ఏప్రిల్‌లో 2, మేలో 20.

ఏప్రిల్ దాకా బస్తా నిక్షేపంలా ఉందని, మేలో 'ఉన్నట్టుండి' పుచ్చిపోయిందని అనడం ఇందుకే. ఉన్నట్టుండి ఏమీ జరగలేదు. మొదటి మూడు తరాలు కంటికి ఆనలేదు, అంతే. కందుల బస్తాను మొదటిసారి విప్పి చూడాల్సింది మేలో కాదు, మార్చి మొదట్లో. ఆ తర్వాత మూడు వారాలకోసారి చూడాలి.

ఏం చూడాలన్నది కూడా ముఖ్యమే. గుండ్రటి కన్నాలు చూస్తే జరిగిపోయిన నష్టం తెలుస్తుంది. గింజ పైపొట్టుకు అంటుకున్న తెల్లటి చుక్కలు చూస్తే రాబోయేది తెలుస్తుంది. ఆవగింజలో సగం కూడా ఉండని ఆ చుక్కలే గుడ్లు. గోటితో గీరితే గాని ఊడవు. చుక్క ఉండి కన్నం లేని గింజ ఈ రోజు తూకంలో పూర్తి బరువే ఉండొచ్చు, వచ్చే నెల ఉండదు.

ఐదు వందల గింజల లెక్క

నష్టాన్ని శాతంలో తేల్చడానికి పరిశోధకులు వాడే పద్ధతి ఇంట్లోనూ చేసుకోవచ్చు. కావలసింది గ్రాముల్లో తూచే చిన్న ఎలక్ట్రానిక్ కాటా, ఒక పళ్లెం, అరగంట సమయం. బస్తా పైనుంచి, మధ్య నుంచి, అడుగు నుంచి గుప్పెడు గుప్పెడు తీసి కలపాలి. కుప్పను నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండు భాగాలు ఉంచుకుని, మిగతావి తిరిగి పోసేయాలి. ఇలా రెండు మూడుసార్లు చేసి మిగిలిన దాంట్లోంచి ఏరకుండా, వరసగా 500 గింజలు లెక్కపెట్టాలి. ఇక్కడ చెయ్యి తెలియకుండానే మంచి గింజ వైపు పోతుంది. అందుకే వరసగా లెక్కపెట్టమనేది.

మే మధ్యలో ఒక కందుల బస్తా నుంచి తీసిన 500 గింజల్లో 440 బాగున్నాయి, 60 గింజలకు కన్నాలున్నాయి. బాగున్న 440 తూస్తే 44 గ్రాములు, అంటే గింజకు 0.10 గ్రాము. కన్నాలున్న 60 తూస్తే 4.2 గ్రాములు, గింజకు 0.07. ఒక్కో పుచ్చు గింజలో 0.03 గ్రాము పోయింది. 60 గింజల్లో 1.8 గ్రాములు. 500 గింజలూ బాగుండి ఉంటే 50 గ్రాములు ఉండాలి. 50కి 1.8 అంటే 3.6%. రెండు రకాల గింజలూ ఒకే బస్తావి, ఒకే రోజు తూచినవి కాబట్టి ఇక్కడ తేమ గొడవ చాలావరకు తప్పుతుంది. అందుకే మీటరు లేని ఇంటికి ఇది మంచి పద్ధతి.

అదే పళ్లెం ముగ్గురికి మూడు నష్టాలు చెబుతుంది. పప్పు చేయించుకునే ఇంటికి బరువులో పోయింది 3.6%. అమ్ముకునే రైతుకు కనిపించేది వందకు 12 పుచ్చు గింజలు, ధర పలికేది ఆ అంకెను బట్టే. విత్తనం కోసం దాచుకున్నవాళ్లకు ఆ 12 గింజలూ దాదాపు పోయినట్టే, చుక్కలున్న గింజల్లోనూ కొన్ని పోతాయి. 'నష్టం ఎంత' అని అడిగేముందు ఆ గింజలు దేనికో తేల్చుకోవాలి.

ఈ పద్ధతికి హద్దులున్నాయి. మార్చిలో 0.2% ఉన్నప్పుడు 500 గింజల్లో సగటున ఒక్కటే పుచ్చు గింజ దొరుకుతుంది, ఒక్కోసారి అదీ దొరకదు. కాబట్టి మొదటి నెలల్లో ఇది ధైర్యం చెప్పడానికి పనికిరాదు. అప్పుడు జల్లెడే మేలు. నాలుగైదు కిలోలు ఎండలో పల్చగా పరిచి, కాసేపాగి జల్లించి, కింద తెల్లగుడ్డ మీద కదిలే పురుగు ఉందేమో చూడాలి. వడ్లలో ఇంకో చిక్కుంది. పురుగు లావు గింజను ఎంచుకుంటే, తిన్నాక కూడా అది పక్కనున్న సన్న గింజంత తూగవచ్చు. అప్పుడు నష్టం ఉండి కూడా లెక్కలో సున్నా వస్తుంది.

నెల నెలా తీసుకునే ఇంట్లో నష్టం ఎంత

ఇళ్లలో ఎక్కువగా జరిగే పొరపాటు ఈ శాతాన్ని మొత్తం నిల్వకు అంటగట్టడం. జనవరిలో 12 బస్తాల వడ్లు, అంటే 900 కిలోలు, ఇంటి తిండికి పెట్టుకున్నారు. నెలకు ఒక బస్తా మరకు పంపుతారు. మొదటి నాలుగు నెలల్లో వాడిన బస్తాల్లో నష్టం 1%, తర్వాతి నాలుగు నెలల బస్తాల్లో 3%, చివరి నాలుగింటిలో 8% ఉందనుకుందాం. డిసెంబరులో ఆఖరి బస్తా చూసి 8% పోయిందని 900 కిలోలకు లెక్కేస్తే 72 కిలోలు అవుతుంది. నిజంగా పోయింది 300 కిలోల మీద 3, మరో 300 మీద 9, చివరి 300 మీద 24. మొత్తం 36 కిలోలు, నూటికి 4.

సగం తేడా చిన్నది కాదు. 72 కిలోలు అనుకుంటే కొత్త రేకు గాదె కొనాలనిపిస్తుంది. 36లో 24 కిలోలు చివరి నాలుగు బస్తాలవే అని తెలిస్తే దారి మారుతుంది. ఆ నాలుగు బస్తాలను జూన్‌లోపే మళ్లీ ఎండబెట్టి వేరే చోట జాగ్రత్త చేస్తే చాలు. లేదా తిండికి ఎనిమిది బస్తాలే ఉంచుకుని మిగతావి వేసవిలో అమ్ముకుంటే సరిపోతుంది. ఎప్పుడు, ఏ బస్తాలో పోతోందో తెలిస్తేనే ఖర్చు ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది.

ముందు పాతవి తీయాలంటే

పాతవి ముందు వాడాలని అందరికీ తెలుసు. కానీ గది అమరిక దానికి అడ్డం పడుతుంది. పాత బస్తాలు గోడవైపు ఉంటాయి, కొత్తవి వాటి ముందు, వాటి మీద పడతాయి. మరకు పంపే రోజు చేతికి అందేది కొత్త బస్తాయే. ఇలా రెండు పంటలు గడిస్తే గోడవారన రెండేళ్ల నాటి బస్తా ఒకటి మిగిలిపోతుంది. గదిలోని మిగతా బస్తాలన్నిటికీ పురుగును సరఫరా చేసేది అదే.

దీనికి మందుల కంటే ముందు అమరిక కావాలి. బస్తాలను గోడకు ఒకటిన్నర అడుగు దూరంలో, చెక్కల మీదో వెదురు తడకల మీదో, మనిషి పక్కగా నడిచేంత సందు వదిలి రెండు వరసలుగా పెట్టాలి. ఒక వరస అయిపోయాకే రెండోది ముట్టుకోవాలి. ఖాళీ అయిన వరసను ఊడ్చి, నేల పగుళ్లలో, మూలల్లో రాలిన గింజలు తీసి కాల్చేశాకే అక్కడ కొత్తవి పెట్టాలి. ప్రతి బస్తా మీదా మూతి వైపు నెల, సంవత్సరం రాయాలి. చదవడం రాని పనివాళ్లు దించేటప్పుడు కూడా తెలియాలంటే ఏ పంటకు ఆ పంట వేరే రంగు పురికొసతో మూతి కుట్టడం తేలిక. ఈ ఏడాది ఎరుపు, పోయిన ఏడాది నీలం అంటే గదిలోకి తొంగిచూడగానే ఎన్ని నీలం మిగిలాయో కనపడుతుంది.

రేకు గాదె ఉన్నవాళ్లు పైనుంచి పోసి కింది తూము నుంచి తీస్తున్నాం కాబట్టి పాతవే ముందు వస్తున్నాయని నమ్ముతారు. అడుగు చదునుగా ఉన్న గాదెలో అలా జరగదు. చిన్న ప్రయత్నంతో చూడొచ్చు. అడుగు మధ్యలో కన్నం ఉన్న డబ్బాలో, కన్నానికి వేలు అడ్డం పెట్టి, ముప్పావు వంతు మామూలు బియ్యం పోసి, పైన రెండంగుళాలు పసుపు పట్టించిన బియ్యం పోయాలి. వేలు తీస్తే ముందు మధ్యలోని తెల్ల బియ్యం వస్తుంది. కొద్దిసేపటికే పైన నడిమి భాగం గుంట పడి, పసుపు బియ్యం ఆ గుంటలోకి జారి బయటికి వచ్చేస్తుంది. గోడలవెంట ఉన్న తెల్ల బియ్యం ఇంకా కదలదు. గాదెలోనూ ఇంతే. మీద పోసిన కొత్త వడ్లు మధ్యలోంచి దిగిపోతాయి. గోడలకు, మూలలకు ఆనుకున్న పాత వడ్లు చివరిదాకా ఉండిపోతాయి. రాత్రి చల్లదనానికి రేకు మీద చెమ్మ పట్టేదీ ఆ గోడల దగ్గరే. అందుకే గాదెను పూర్తిగా ఖాళీ చేసి, లోపల తుడిచి, ఎండ తగిలాకే కొత్తవి పోయాలి. రెండు బస్తాల పాత వడ్లు అడుగున మిగిలితే వాటిని బయటికి తీసి వేరే సంచిలో కట్టాలి.

పాత గోనె సంచుల సంగతీ ఇదే. గింజలు పోయినా కుట్ల సందుల్లో గుడ్లూ పురుగులూ ఉంటాయి. మరిగే నీళ్లలో ముంచి, మంచి ఎండలో ఎండబెట్టాకే మళ్లీ వాడాలి.

వడ్ల విషయంలో మన ఇళ్ల రుచి కూడా ఈ క్రమానికి సాయం చేస్తుంది. కొత్త బియ్యం అన్నం ముద్దగా అవుతుందని, సాంబమసూరి లాంటి సన్న రకాలు కనీసం ఆరు నెలలు మాగితేనే బాగుంటాయని పాతవే ముందు వండుతారు. పాత బియ్యానికి ధర కూడా ఎక్కువే. కందులకు అలాంటి లాభం ఏమీ లేదు. ఆగే కొద్దీ నష్టమే.

అయితే 'ముందు పాతవి' అన్నది అన్ని బస్తాలూ ఒకే స్థితిలో ఉన్నప్పటి మాట. నెలకోసారి చూసినప్పుడు కొత్త బస్తా ఒకటి లోపల వెచ్చగా ఉంటే, దాని ముందు పాత బస్తాలు పది ఉన్నా సరే, మరకు వెళ్లాల్సింది ఆ కొత్తదే. కందుల్లో తెల్ల చుక్కలు కనపడితే ఆ బస్తాను పప్పు చేయించేయడం అన్నిటికంటే మంచి పని. పొట్టు తీసి బద్దలైన పప్పులో పుచ్చు పురుగు దాదాపు పెరగలేదు. అప్పటిదాకా గింజల్లో ఉన్నవి మరలోనే పోతాయి.

పప్పు చేయించకుండా ఉంచుకోవాల్సిన కందులకు గాలి చొరని డ్రమ్మో మందపాటి ప్లాస్టిక్ సంచో సరిపోతుంది. అంచు దాకా నింపి బిగిస్తే లోపలి పురుగు ఉన్న కాస్త ప్రాణవాయువును తినేసి అదే చస్తుంది. మధ్యలో మూత తీస్తే మళ్లీ మొదటికి వస్తుంది. కాబట్టి ఒక పెద్ద డ్రమ్ము కంటే నెలకు సరిపడే చిన్నవి నాలుగు మేలు. గింజ సరిగా ఎండకుండా ఇలా బిగిస్తే మాత్రం లోపల బూజు పట్టి అన్నీ పోతాయి.

ఒక హెచ్చరిక కూడా ఇక్కడే చెప్పాలి. గోదాముల్లో పొగబెట్టడానికి వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలను మనుషులు పడుకునే ఇంట్లో ఎట్టి పరిస్థితుల్లోనూ వాడకూడదు. బిళ్ల నుంచి వచ్చే ఫాస్ఫీన్ తలుపు సందుల్లోంచి పక్క గదిలోకి పోతుంది. ఇంట్లో పడుకున్నవాళ్లు నిద్రలోనే చనిపోవచ్చు. వీటిని శిక్షణ ఉన్నవాళ్ల పర్యవేక్షణలోనే వాడాలని నిబంధన ఉంది.

విత్తనానికి వయసు కాదు, మొలక చూడాలి

విత్తనంలో పాతది ముందు అనే లెక్క నేరుగా పనిచేయదు. తేమ ఒక శాతం తగ్గితే విత్తనం బతికే కాలం దాదాపు రెట్టింపవుతుంది. నిల్వ ఉన్న చోటు ఐదు డిగ్రీలు చల్లబడినా అంతే. కాబట్టి డ్రమ్ములో 8% తేమతో ఉన్న పోయినేటి విత్తనం, గోనెలో 12% తేమతో ఉన్న ఈ ఏటి దానికంటే బలంగా ఉండవచ్చు. వేరుశనగలో ఈ తేడా బాగా కనపడుతుంది. ఖరీఫ్‌లో వచ్చిన కాయను మళ్లీ జూన్ దాకా ఎనిమిది నెలలు దాచడం కంటే, మార్చి, ఏప్రిల్‌లో వచ్చిన రబీ కాయను రెండు మూడు నెలలు దాచి విత్తడం రాయలసీమలో రైతులకు అలవాటు. కాయగానే ఉంచి, విత్తే ముందే ఒలుస్తారు.

కందులకు మొలక పరీక్ష మార్చిలో ఒకసారి, మృగశిర కార్తెకు పదిహేను రోజుల ముందు మరోసారి చేయాలి. తడిపి పిండిన గోనెపట్టా మీద వంద గింజలు వరసగా పేర్చి, చాపలా చుట్టి, నీడలో ఉంచి, ఆరకుండా నీళ్లు చిలకరిస్తే ఆరు రోజుల్లో తేలిపోతుంది. మార్చిలో 90 మొలిచి మే చివరలో 78 మొలిచాయనుకుందాం. కంది విత్తనానికి ప్రమాణం 75 కాబట్టి ఈ విత్తనం పాసయినట్టే కనపడుతుంది. కానీ మూడు నెలల్లో 12 పడిపోయింది, ఇంకా పడుతోంది. ఎకరానికి మూడు కిలోలు వేసేవాళ్లు 90ని 78తో భాగించి మూడుతో గుణిస్తే దాదాపు మూడున్నర కిలోలు వేయాలని వస్తుంది. వర్షం ఆలస్యమై విత్తడం జులైకి జరిగితే ఆ లెక్క కూడా చాలదు, మళ్లీ వంద గింజలు చుట్టి చూడాలి. అప్పుడు 70 కంటే తక్కువ మొలిస్తే విత్తనం పెంచి వేయడం దండగ. మొలిచిన మొక్కల్లోనూ సత్తువ ఉండదు. ఆ కందులను పప్పుకు పంపి, విత్తనం బయట కొనుక్కోవడమే నయం.